ఇరవై మాటల కాగితం: మొదటి తరగతిలో కార్యదర్శి ప్రసంగం



మొదటి వారంలో మీకు పంచిన కాగితంలో ఇరవై రాజకీయ పదాలున్నాయి. వాటిని బట్టీ పట్టొద్దు. ఈ రోజు ఒక్క జత తీసుకుందాం. ‘ప్రాతినిధ్యం’ అనేది ఆరో మాట, ‘బాధ్యతాయుత ప్రభుత్వం’ ఏడో మాట. మనలో చాలామంది బళ్ళో చదివింది కన్నడం గనక, రెండోదాన్ని ‘జవాబ్దారి సర్కారు’ అంటే చటుక్కున తెలుస్తుంది.

ఈ రెండూ ఒకటే అనుకుంటారు. కాదు. మైసూరు సంస్థానంలో 1881 నుంచే ప్రజాప్రతినిధి సభ ఉండేది. సభ్యులు కూర్చునేవారు, ఊళ్ళ కష్టాలు విన్నవించేవారు. దివాను వినేవాడు. కాని దివానును నియమించేది మహారాజు, తీసేసేది కూడా మహారాజే. సభకు నచ్చకపోయినా అతని కుర్చీ కదలదు. అంటే ప్రాతినిధ్యం ఉంది, జవాబుదారీ లేదు.

ఆ జవాబుదారీ ప్రభుత్వం కావాలనే మైసూరు కాంగ్రెస్ కోరింది. 1938 ఏప్రిల్ 25న మన గౌరీబిదనూరు పక్కన విదురాశ్వత్థంలో జనం నిషేధాన్ని కాదని జెండా ఎగరేయడానికి కూడారు. పోలీసులు కాల్పులు జరిపారు. జనం చనిపోయారు. ఎంతమందో సర్కారు చెప్పిన లెక్క వేరు, జనం చెప్పిన లెక్క వేరు. ఆ మరుసటి నెలలో దివాను మీర్జా ఇస్మాయిల్‌కూ వల్లభభాయ్ పటేల్‌కూ ఒప్పందం కుదిరింది. మైసూరు జెండాతో పాటు కాంగ్రెస్ జెండా కూడా ఎగరొచ్చన్నారు. గమనించండి, దొరికింది జెండా. అడిగిన ప్రభుత్వానికి మరో తొమ్మిదేళ్ళు పట్టింది. ‘మైసూరు చలో’ పోరాటం తర్వాత, 1947 అక్టోబరులో కె.సి. రెడ్డి మంత్రివర్గం వచ్చింది. ఆయనదీ మన కోలారు సీమే.

మరి తేడా పట్టుకోవడం ఎట్లా? ఒక్క ప్రశ్న వేయండి: ‘ఇతన్ని ఎవరు దించగలరు?’ 2019 జూలై 23న బెంగళూరు విధానసభలో కుమారస్వామి విశ్వాసం కోరితే 99 మంది అవునన్నారు, 105 మంది కాదన్నారు. ప్రభుత్వం పడిపోయింది. సభ దించగలిగింది గనక అది జవాబుదారీ ప్రభుత్వం. అయితే మర్నాడు తాలూకా ఆఫీసు తెరుచుకుంది, పోలీసు స్టేషనులో వాళ్ళే ఉన్నారు, కోర్టులు నడిచాయి. పడింది ‘ప్రభుత్వం’, నిలిచింది ‘రాజ్యం’. కాగితంలో మొదటి రెండు మాటలు అవే.

ఈ ప్రశ్నే మిల్లులో వేసి చూడండి. వర్క్స్ కమిటీలో మనవాళ్ళూ యాజమాన్యంవాళ్ళూ సమానంగా కూర్చుంటారు. క్యాంటీను, తాగునీళ్ళు, దుమ్ము, అన్నీ మాట్లాడతారు. మినిట్స్ రాసుకుంటారు. మేనేజరును మాత్రం ఆ కమిటీ మార్చలేదు. అది 1881 నాటి సభ లాంటిదే. అట్లాగని వదిలేయమని కాదు, ఎన్ని రాసినా ఎందుకు కదలడం లేదో తెలుసుకోమని.

‘మెజారిటీ’ మాట రేపు చూద్దాం. 99, 105 అంకెలు రాసుకొని రండి, అక్కడ వాటితో పని ఉంది.