ఒక్క రింగ్, కట్! ఆ +1 నంబర్ అమెరికాది కాదు

ఈ ఎపిసోడ్‌లో నాకే జరిగిన ఒక చిన్న కథ చెప్తాను. మీ వాళ్లెవరైనా అమెరికాలో చదువుతుంటే వాళ్లకి ఇది బాగా పనికొస్తుంది.

మనకి మిస్డ్ కాల్ అంటే చిన్నప్పటి నుంచీ ఒక భాష. బ్యాలెన్స్ లేకపోతే ఒక్క రింగ్ ఇచ్చి కట్ చేస్తాం. "నువ్వు చెయ్యి" అని దానర్థం. మా నాన్న వరంగల్ బస్టాండ్‌లో దిగగానే అలాగే ఒక రింగ్ ఇచ్చేవారు, నేను బండేసుకుని వెళ్లేవాడిని. అదే అలవాటుతో డల్లాస్ దగ్గర మాస్టర్స్ చదవడానికి వెళ్లాను.

మొదటి సెమిస్టర్‌లో లైబ్రరీలో పార్ట్‌టైమ్ జాబ్‌కి ఇంటర్వ్యూ ఇచ్చాను. "రెండు రోజుల్లో ఫోన్ చేస్తాం" అన్నారు. ఆ జాబ్ వస్తేనే నా రూమ్ రెంట్‌కి దారి. ఇక ఫోన్ చేతిలోంచి దించితే ఒట్టు.

రెండో రోజు రాత్రి 11:40కి ఒక్క రింగ్ వచ్చింది. ఎత్తేలోపే కట్ అయింది. స్క్రీన్ మీద +1, ఆ తర్వాత 473తో మొదలైన నంబర్. డల్లాస్ నంబర్లు 214, 972, 469 లాంటి వాటితో మొదలవుతాయి. నా నంబర్ కూడా 469 దే. దాంతో 473 అంటే మన పక్క వీధి నంబర్‌లాగే అనిపించింది. లైబ్రరీ అర్ధరాత్రి దాకా తెరిచే ఉంటుంది, నైట్ షిఫ్ట్ వాళ్లు చేసి ఉంటారులే అనుకున్నాను. వేలు కాల్ బటన్ దాకా వెళ్లింది.

అక్కడ ఆగింది తెలివితో కాదండీ, భయంతో. మేం ఆరుగురం ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో ఉన్నాం. బిల్లు మా రూమ్మేట్ అన్న పేరు మీద వస్తుంది. అంతకుముందు నెలే ఒకడు వాట్సాప్‌లో కాకుండా డైరెక్ట్‌గా ఇండియాకి ఫోన్ చేస్తే ఇంట్లో పెద్ద గొడవైంది. అందుకే ముందు ఆ మూడంకెలు ఎక్కడివో చూద్దామని `473 area code` అని సెర్చ్ చేశాను.

వచ్చిన జవాబు: గ్రెనడా. కరీబియన్ సముద్రంలో ఒక దీవి దేశం!

నాకు అర్థం కాలేదు. +1 ఉంది కదా, వేరే దేశం ఎలా అవుతుంది? అన్నని లేపి అడిగితే చెప్పాడు. "ఒరేయ్, +91 మన ఒక్క దేశానిదే. +1 అలా కాదు. అమెరికా, కెనడాతో పాటు జమైకా, గ్రెనడా లాంటి దీవులు కూడా అదే కోడ్ వాడతాయి. ఇండియాకి చేయాలంటే ముందు 011 కొట్టాలి, అప్పుడు ఫారిన్ కాల్ అని మనకి తెలుస్తుంది. ఈ దీవులకి అది అక్కర్లేదు. లోకల్ కాల్‌లాగే కలుస్తుంది, బిల్లు మాత్రం ఇంటర్నేషనల్."

ఈ మోసానికి వాంగిరీ అని పేరు. జపనీస్ మాట. "ఒక్క రింగ్, కట్" అని అర్థం. మిషన్‌తో వేలమందికి ఒక్కో రింగ్ ఇస్తారు. రింగ్ వచ్చినందుకు మనకి పైసా పోదు. తిరిగి చేస్తేనే నిమిషానికి ఇంత అని పడుతుంది, అందులో కొంత వాటా మోసగాడికి వెళ్తుంది. అందుకే మనల్ని లైన్‌లో ఉంచడానికి మ్యూజిక్ పెడతారు. కొన్నిసార్లు రింగ్ అవుతున్న శబ్దాన్నే రికార్డు చేసి వినిపిస్తారు. ఇంకా ఎత్తలేదు అనుకుంటూ మనం వింటుంటే, అక్కడ మీటర్ తిరుగుతూ ఉంటుంది.

ఒక మాట. 473 అంటే ప్రతిదీ మోసం కాదు. మీకు గ్రెనడాలో ఫ్రెండ్ ఉంటే అది మామూలు కాలే. కానీ తెలియని కోడ్, ఒకే రింగ్, వాయిస్‌మెయిల్ లేదు. ఈ మూడూ కలిశాయంటే తిరిగి చేయొద్దు. పని ఉన్నవాళ్లు మెసేజ్ పెడతారు.

పొద్దున్నే అన్న కంపెనీకి ఫోన్ చేసి, మా లైన్ల నుంచి బయటికి వెళ్లే ఇంటర్నేషనల్ కాల్స్ బ్లాక్ చేయించాడు. "కరీబియన్ +1 నంబర్లు కూడా ఇందులోకి వస్తాయా?" అని ప్రత్యేకంగా అడిగాడు. మీరూ అది అడగండి. ఇంటికి వాట్సాప్ కాల్స్ ఎలాగూ నడుస్తాయి. ఒకవేళ ఇప్పటికే తిరిగి చేసేసి ఉంటే, వెంటనే బిల్లు చూసుకుని కంపెనీతో మాట్లాడండి.

మరి నా జాబ్ సంగతా? మధ్యాహ్నం క్లాస్‌లో ఉండగా 817 నుంచి కాల్ వచ్చింది, ఎత్తలేకపోయాను. బయటికొచ్చి చూస్తే వాయిస్‌మెయిల్ ఉంది. లైబ్రరీ వాళ్లు పేరు చెప్పి, సోమవారం రమ్మన్నారు.

ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.