నామినీ చేతికి వచ్చిన సొమ్ము ఎవరిది?

సర్వస్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త ముహమ్మద్ (స) పై శుభాలు, శాంతి కలుగుగాక!

ధర్మసోదరులారా! కొన్నాళ్ల క్రితం ఒక సోదరుడు నమాజు ముగిశాక నా దగ్గర కూర్చుని ఇలా అడిగాడు: "హజ్రత్, మా అన్నయ్య ఖాతాలో నామినీగా నా పేరే ఉంది. ఆయన పోయాక బ్యాంకువారు 13 లక్షలు నాకే ఇచ్చారు. ఇక ఆ డబ్బు నాదే కదా?" అన్నగారు పెళ్లికి ముందు రాయించిన పేరు అది. తరువాత భార్య వచ్చింది, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు పుట్టారు. తల్లి బ్రతికే ఉంది. నామినీ పేరు మాత్రం మారలేదు.

మొదట దేశ చట్టం ఏమంటుందో చూడండి. ఖాతాదారుడు మరణించినప్పుడు సొమ్ము ఎవరికి అప్పగిస్తే బ్యాంకు బాధ్యత తీరుతుందో చెప్పేదే నామినేషన్. వారసులు ఎవరో తేల్చే భారం బ్యాంకుపై పడకుండా ఈ ఏర్పాటు చేశారు. అయితే సొమ్ము పుచ్చుకున్న వ్యక్తిపై ఇతరులకు ఉన్న హక్కు అలాగే నిలిచి ఉంటుందని బ్యాంకింగ్ నియంత్రణ చట్టమే చెబుతోంది. బ్యాంకు డిపాజిట్ విషయంలో నామినీ సొమ్మును స్వీకరించేవాడే గాని యజమాని కాడని సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. 2025 నవంబరు నుండి ఒక ఖాతాకు నలుగురు నామినీలను పెట్టుకునే వీలు కలిగింది. పేర్లు పెరిగినంత మాత్రాన వారసత్వ నియమం మారదు.

జీవిత బీమాలో ఒక తేడా ఉంది. 1983లో సుప్రీంకోర్టు అక్కడ కూడా ఇదే మాట చెప్పింది. కాని 2015 సవరణ ప్రకారం పాలసీదారుడు తన తల్లిదండ్రులను, భార్యను లేక భర్తను, సంతానాన్ని నామినీగా పెడితే ఆ సొమ్ముపై లబ్ధి హక్కు వారిదేనని చట్టంలో చేర్చారు. దీని అర్థం విషయంలో న్యాయస్థానాలు ఒకే మాట మీద లేవు. కాబట్టి పాలసీ విషయంలో వివాదం వస్తే న్యాయవాదినీ, ఆలిమ్‌నూ ఇద్దరినీ సంప్రదించండి. తమ్ముడు ఆ జాబితాలో లేడు.

ఇక షరీఅత్ మాట. మృతుని సొమ్ము నామినీ చేతిలో అమానత్. "అన్నయ్య నా పేరు రాయడం వసీయత్ కాదా?" అని ఆ సోదరుడు అడిగాడు. కాదు. తాను పోయాక ఈ సొమ్ము తమ్ముడికి చెందాలని అన్నగారు ఎక్కడా చెప్పలేదు, రాయలేదు. ఫారంలో ఒక పేరు నింపారు, అంతే. నిజంగా వసీయత్ చేసి ఉన్నా, వారసుల సమ్మతి లేకుండా అది ఆస్తిలో మూడవ వంతుకు మించి చెల్లదు.

మేము కాగితం తీసుకుని లెక్క వేశాము. కఫన్, దఫన్ ఖర్చు 20 వేలు. భార్యకు చెల్లించని మహర్ 50 వేలు. మహర్ కూడా అప్పే సుమా! చేబదులు 30 వేలు. ఈ లక్ష పోగా 12 లక్షలు మిగిలాయి. వసీయత్ లేదు. సూరహ్ నిసా 11, 12 ఆయతుల ప్రకారం, సంతానం ఉన్నందున భార్యకు ఎనిమిదవ వంతు, అనగా లక్షా 50 వేలు. తల్లికి ఆరవ వంతు, అనగా 2 లక్షలు. మిగిలిన 8 లక్షల 50 వేలను ఐదు భాగాలు చేస్తే ఒక్కొక్క కొడుకుకు రెండు భాగాలు, కూతురికి ఒక భాగం. ఆ విధంగా కొడుకులకు చెరి 3 లక్షల 40 వేలు, కూతురికి లక్షా 70 వేలు వచ్చాయి. కొడుకులు ఉన్నందున సోదరునికి వారసత్వంలో వాటా లేదు.

అతడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. అప్పటికే ఆ సొమ్ములో 2 లక్షలు తన దుకాణంలో పెట్టేశాడు. ఆ మొత్తం ఇప్పుడు వారసులకు అతడు పడిన బాకీ. నెలనెలా తీర్చుతానని తల్లి ముందు, వదిన ముందు రాసి ఇచ్చాడు. ముందుగా మహర్‌నూ, చేబదులునూ చెల్లించి, మిగిలినది వాటాల ప్రకారం పంచడం ప్రారంభించాడు. పిల్లలు చిన్నవారు గనుక వారి వాటాలను వారి పేర్ల మీదే వేరు ఖాతాలలో జమ చేయించాడు. ప్రతి చెల్లింపుకూ సంతకం తీసుకున్నాడు.

సోదరులారా! మీలో ఎవరైనా నామినీగా సొమ్ము అందుకుని ఉంటే దానిని మీ సొంత డబ్బుతో కలపకండి. అప్పులు అడిగి తెలుసుకోండి, వారసుల పేర్లు రాయండి, ఆలిమ్ చేత వాటాలు కట్టించండి. బ్యాంకు పాసుపుస్తకం ఉన్నవారు ఈ రోజే ఇంటికి వెళ్లి నామినీ పేరు చూడండి. పెళ్లికి ముందు రాయించినదైతే మార్పించండి. ఎవరి పేరు రాసినా, "ఇది నీ చేతికి వస్తుంది, వారసులందరికీ పంచాలి" అని ఆ వ్యక్తికి బ్రతికి ఉండగానే, ఇద్దరు సాక్షుల ఎదుట చెప్పి ఉంచండి.

అనాథల హక్కు మన చేతిలో నిలిచిపోకుండా అల్లాహ్ మనలను కాపాడుగాక! ఆమీన్.