కుట్టు బయటికిచ్చినా, కటింగ్ మాత్రం మన దగ్గరే

చాలామంది ఫోన్ చేసి ఒకటే అడుగుతున్నారు: "మన మెషిన్లకి మించి ఆర్డరొస్తే ఒప్పుకోవాలా, వదిలేయాలా?" నాకు జరిగింది చెప్తాను.

నాది స్కూల్ యూనిఫామ్‌లు కుట్టే చిన్న యూనిట్. 12 మెషిన్లు, రోజుకి 150 చొక్కాలు. ఒక ఏడాది బడులు తెరిచే ముందు 6,000 చొక్కాల ఆర్డరొచ్చింది. చేతిలో ఉన్నవి 26 పనిదినాలు. లెక్కేస్తే మనవల్ల అయ్యేవి 3,900. మిగిలిన 2,100 దగ్గర్లోని రెండు యూనిట్లకి పంచాను.

అక్కడే తప్పు చేశాను. బట్ట తాన్లకి తాన్లు ఇచ్చేసి, కటింగ్ కూడా వాళ్లనే చేసుకోమన్నాను. సరుకొచ్చాక చూస్తే కొన్ని చొక్కాలకి చేతులు ఒక షేడు, బాడీ ఒక షేడు. అన్నీ లేత నీలమే అనుకుంటాం గానీ, అద్దకం లాటు మారితే రంగు కొంచెం మారుతుంది. వాళ్లు వేర్వేరు తాన్ల ముక్కలు కలిపేశారు. ఇంకో యూనిట్‌లో సైజులే తగ్గాయి. మొత్తం 340 చొక్కాలు పార్టీ వెనక్కి పంపాడు.

కుట్టు తప్పైతే విప్పి మళ్లీ కుట్టొచ్చు. కోత తప్పైతే బట్టే పోయినట్టు. అందుకే ఇప్పుడు కటింగ్ నా టేబుల్ మీదే. ప్రతి పొరకీ నంబరు స్టిక్కరు అంటించి, 20 చొక్కాలకో కట్ట కట్టి, దారం, బొత్తాలతో సహా పంపుతాను. ఒకే నంబరున్న ముక్కలే ఒక చొక్కా అవ్వాలి.

కట్టలన్నీ ఒకేసారి ఇవ్వను. మూడు రోజుల పని ఇస్తాను, అది తిరిగొచ్చాకే తర్వాతది. మొదటి రోజు స్వయంగా వెళ్లి అంగుళం టేపు పెట్టి కుట్లు లెక్కపెడతాను. నేను అడిగేది అంగుళానికి 10 నుంచి 12. పీసు రేటు కదా, వేగం కోసం కుట్టు పొడవు పెంచేస్తారు. వాళ్లని అనడానికేం లేదు, వాళ్ల కడుపు వాళ్లది. అతుకుని రెండు వైపులా లాగి చూడండి, మధ్యలో దారం పళ్లలా కనిపిస్తే అది ఉతుకుళ్లకి ఆగదు.

సరుకు పంపేటప్పుడు డెలివరీ చలానా రాయడం మర్చిపోకండి. జీఎస్టీలో రిజిస్టరైనవాళ్లు జాబ్ వర్కుకి పన్ను కట్టకుండానే బట్ట పంపొచ్చు. కాకపోతే ఏడాది లోపు తిరిగి రావాలి, లేదా అక్కణ్నుంచే అమ్మకానికి వెళ్లాలి. లేకపోతే పంపిన రోజే అమ్మినట్టు లెక్కగట్టి పన్ను, వడ్డీ అడుగుతారు.

ఇంకో మాట. కుట్టు బయటికెళ్లినా కాజాలు, ఇస్త్రీ, చెకింగ్ మన దగ్గరే ఉంచుకుంటే, చొక్కాలన్నీ వచ్చి అక్కడ పడతాయి. నాకు కాజా మెషిన్ ఒక్కటే ఉండేది. చివరి వారం కుట్టిన చొక్కాలు గుట్టగా పడి ఉంటే, రాత్రి పూట ఇంకో మనిషిని పెట్టి నడిపించాను. ఆర్డరు ఒప్పుకునే ముందు ఆ మెషిన్ రోజుకి ఎన్ని లాగుతుందో కూడా లెక్కేసుకోండి.