మొదటి రోజు టూల్‌బాక్స్ మీటింగులో నేను చెప్పిన మాటలు

తువాస్‌లో మా సైటుకి ఈ సోమవారం నుంచి నేను సూపర్‌వైజర్ని. ఆ రోజు పొద్దున మన తెలుగోళ్లతో మాట్లాడింది గ్రూపులో పెట్టమని కొందరు తమ్ముళ్లు అడిగారు. గుర్తున్నంత వరకు రాశాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి, నాది పదో తరగతి చదువు.

అన్నలూ, తమ్ముళ్లూ, అందరికీ నమస్కారం.

ఇప్పుడే తమిళోళ్లకి, బంగ్లాదేశ్ వాళ్లకి కలిపి ఒకసారి చెప్పాను. అదే మీకు మన భాషలో ఇంకొంచెం వివరంగా చెప్తాను. పది నిమిషాలు పడుతుంది. టీ తాగనోళ్లుంటే తాగుతూ వినండి.

నా పేరు ఈ కార్డు మీద ఉంది. సైట్లలో నన్ను చాలామంది శ్రీకాకుళం అన్న అంటారు, మీరూ అలాగే పిలవచ్చు. మాది సోంపేట దగ్గర ఒక పల్లె. 2006లో హెల్పర్‌గా వచ్చాను. ఏజెంటుకి కట్టిన డబ్బు కోసం ఊళ్లో చేసిన అప్పు తీరడానికే రెండేళ్లు దాటింది. సిమెంటు బస్తాలు మోశాను, ఐరన్ కట్టాను, షట్టరింగు చేశాను. మీరు ఎక్కి వచ్చిన లారీలాంటి లారీల్లోనే, వెనకాల చెక్క మీద నిద్రపోతూ వచ్చాను. తర్వాత కోర్సులు చేసి ఈ ఉద్యోగంలోకి వచ్చాను. కాబట్టి నాలుగింటికే లేచి వంట డబ్బా కట్టుకోవడం అంటే ఏంటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంత చెప్పాను కదా, ఇక ఒక మాట కటువుగా చెప్తాను. మన జిల్లా వాడని, మన భాష వాడని నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. ఎందుకు ఇవ్వనో చెప్తాను, దానికి ఒక కథ ఉంది. ఈ కథ నేను గొప్పగా చెప్పుకునేది కాదు.

2014లో వేరే కంపెనీలో అసిస్టెంటుగా చేస్తున్నాను. కొత్తగా వచ్చిన పదవి. నా గ్యాంగులో మా పక్క ఊరి కుర్రాడు ఒకడు ఉండేవాడు. నన్ను ‘బావా’ అని పిలిచేవాడు. ఒకరోజు పైపులు వెయ్యడానికి గుంత తవ్వాం. దిగితే తల పైన ఇంకో జానెడు మట్టి కనపడేంత లోతు. పక్కలకి షీట్లు, వాటి మధ్య అడ్డం పెట్టే స్ట్రట్లు ఇంకా రాలేదు. లారీ మధ్యాహ్నం వస్తుందన్నారు. కింద ఒక పైపు జాయింటు సరిచెయ్యాలి. వాడు ‘అయిదు నిమిషాల పని బావా, దిగి వచ్చేస్తాను’ అన్నాడు. నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే, వద్దంటే పదవి రాగానే మారిపోయాడని ఊళ్లో చెప్పుకుంటారేమో అనుకున్నాను. మంచివాడినని అనిపించుకోడానికి ఊరుకున్నాను.

అయిదు నిమిషాలు కూడా కాలేదు. ఒక పక్క మట్టి పలకలాగా విడిపోయి జారింది. వాడు నడుం దాకా కూరుకుపోయాడు. మిషను బకెట్ పెడితే వాడికే తగులుతుందని పారలతో, చేతులతో తీశాం. ఒక ఘన మీటరు మట్టి, అంటే మీటరు పొడుగు మీటరు వెడల్పు మీటరు లోతు మట్టి, రెండు టన్నులకి దగ్గరగా ఉంటుంది. మనిషి ఛాతీ మీద పడితే ఊపిరి తీసుకోవడానికి వీలుండదు. వాడికి నడుం దగ్గర ఆగింది కాబట్టి బతికాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది.

అంబులెన్సు పిలవలేదు. వ్యానులో తీసుకెళ్లారు. ఆ సాయంత్రం ఆఫీసు మనిషి ఒకాయన వచ్చి, డార్మిటరీ మెట్ల మీద జారిపడ్డాడని రాసి సంతకం పెట్టమన్నాడు. అలా రాస్తే ఏమవుతుందో అప్పటికి నాకు తెలుసు. పనిలో తగిలిన దెబ్బ అయితే ఇక్కడి చట్టం ప్రకారం వైద్యం ఖర్చు కంపెనీదే, ఎం.సి. ఉన్న రోజులకి జీతం వస్తుంది, అవిటితనం మిగిలితే నష్టపరిహారం వస్తుంది. డార్మిటరీలో పడ్డాడంటే అవేవీ రావు. రాత్రంతా ఆ కాగితం పక్కన పెట్టుకుని కూర్చున్నాను. సంతకం పెట్టలేదు. తర్వాత ఎంఓఎం నుంచి అధికారులు వచ్చి అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను వద్దనకపోవడం కూడా చెప్పాను. వాడికి రావాల్సింది వచ్చింది. నాకు ఆ ఏడాది పర్మిట్ రెన్యూ చెయ్యలేదు. ఎనిమిది నెలలు ఊళ్లో ఖాళీగా ఉండి, మళ్లీ వేరే కంపెనీలో ఐరన్ పనికి వచ్చాను. వాడు ఇప్పటికీ కొంచెం కుంటుతూ నడుస్తాడు. ఫోను చేస్తే బావా అనే అంటాడు. నాకే ఆ పిలుపు వింటే గొంతు పట్టేస్తుంది.

అందుకని, నేను ‘దిగొద్దు’ అంటే దిగొద్దు. అప్పుడు నాతో చుట్టరికం తియ్యొద్దు. కోపం వస్తే సాయంత్రం తిట్టుకోండి, పడతాను.

ఇవాళ్టి పని కూడా గుంత పనే. క్యాంటీన్ వెనకాల డ్రైను కోసం 1.8 మీటర్ల లోతు తవ్వుతున్నాం. 1.5 మీటర్లు దాటితే ఇక్కడ పర్మిట్ లేకుండా తవ్వకూడదు. ఆ పర్మిట్‌కి నేను అప్లై చేస్తాను, సేఫ్టీ వాళ్లు వచ్చి గుంత చూస్తారు, ఆ తర్వాత ప్రాజెక్ట్ మేనేజరు ఒప్పుకుంటాడు. కాపీ గుంత దగ్గర బోర్డు మీద ఉంటుంది. బోర్డు మీద ఇవాళ్టి తేదీ కాగితం కనపడకపోతే, నేను చెప్పినా సరే దిగొద్దు. నా మాట కంటే ఆ కాగితం పెద్దది.

కాగితం ఉన్నా కళ్లు మూసుకోవద్దు. తువాస్ నేల చాలావరకు సముద్రం పూడ్చి చేసిన నేల. మన ఊరి ఎర్రమట్టిలాగా గట్టిగా నిలబడదు. రాత్రి వాన పడింది, మీరూ చూశారు. దిగే ముందు గుంత అంచు చూడండి. అంచుకి సమానంగా పొడుగ్గా సన్నటి పగులు కనపడితే ఆ ముక్క విడిపోవడానికి సిద్ధంగా ఉందని అర్థం. నిన్న లేని నీళ్లు అడుగున ఊరుతున్నా, గోడ నుంచి చిన్న చిన్న పెళ్లలు రాలుతున్నా, షీటు మధ్యలో పొట్టలాగా ఉబ్బినా అంతే. తవ్విన మట్టిని అంచుకి మీటరు దూరంలోపల పొయ్యనివ్వను, ఎందుకంటే ఆ బరువే అంచుని తోస్తుంది. నిచ్చెన గుంత పైకి మీటరు ఎత్తు కనపడాలి. ఎక్కేటప్పుడు పట్టుకోడానికి ఏమైనా ఉండాలి కదా.

వీటిలో ఏది కనపడినా ‘ఆపు’ అని గట్టిగా అరవండి. తమిళోళ్లు ‘నిరుత్తు’ అంటారు, బంగ్లా వాళ్లు ‘థామో’ అంటారు. ఈ మూడు మాటలూ ఇవాళే నేర్చుకోండి. మిషను చప్పుడులో వినపడకపోతే రెండు చేతులూ పైకెత్తండి. ఎవరు ఎత్తినా ఆపరేటరు ఆపుతాడు, ఆయనతో పొద్దున్నే మాట్లాడాను. నిన్న కాక మొన్న వచ్చిన హెల్పర్ ఎత్తినా ఆపుతాడు. వచ్చి చూస్తే ఏమీ లేదనుకో, నవ్వేసి మళ్లీ మొదలుపెడతాం. పది నిమిషాలు పోయాయని పైవాళ్లు అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను. ఎవరు ఆపారని పేరు అడిగితే నేను ఆపించాననే చెప్తాను.

ఇదే తువాస్‌లో, అవెన్యూ 11లో, 2021 ఫిబ్రవరి 24న ఒక వర్క్‌షాపులో మిషను పేలింది. మనలాంటి ముగ్గురు చనిపోయారు, ఒకరు ఇండియా ఆయన, ఇద్దరు బంగ్లాదేశ్ వాళ్లు. ఆ మిషను అంతకు ముందే నూనె కారిందని, అదే నెల 12న దానికి చిన్న మంట కూడా అంటుకుందని తర్వాత విచారణలో బయటపడింది. నూనె కారడం, మంట అంటుకోవడం అక్కడ పనిచేసినవాళ్లు చూసినవే. అయినా ఆ మిషను మళ్లీ నడిచింది. ఆ పన్నెండు రోజుల గురించి నేను చాలాసార్లు ఆలోచించాను.

ఇక డబ్బు మాట. మీ గంటలు రోజూ సాయంత్రం మీ ముందే రాస్తాను, మీరు చూశాకే సంతకం పెడతాను. ఆ పేజీ ఫోనులో ఫోటో తీసుకోండి. నేను మంచివాడినే అనుకున్నా తీసుకోండి, రేపు నా బదులు ఇంకొకరు రావచ్చు. బేసిక్ 800 డాలర్లు ఉన్న తమ్ముడి లెక్క చెప్తాను. 800ని 12తో గుణిస్తే ఏడాదికి 9,600. ఏడాదికి 52 వారాలు, వారానికి 44 గంటలు, అంటే 2,288 గంటలు. భాగిస్తే గంటకి 4 డాలర్ల 20 సెంట్లు. ఓటీకి దానికి ఒకటిన్నర రెట్లు, 6 డాలర్ల 30 సెంట్లు. నెలలో పది గంటలు రాయకుండా వదిలేస్తే 63 డాలర్లు పోయినట్టే. మీ బేసిక్ పెట్టి మీరే వేసుకోండి. లెక్క రానివాళ్లు లంచ్‌లో నా దగ్గరికి రండి, సిగ్గుపడొద్దు, నాకూ ఒక మలయాళీ ఆయనే నేర్పించాడు. నెల అయిపోయిన ఏడు రోజుల్లో జీతం, పద్నాలుగు రోజుల్లో ఓటీ డబ్బు రావాలి. రాకపోతే ముందు నాకు చెప్పండి, ఆఫీసులో నేను అడుగుతాను. నేను అడిగినా కదలకపోతే ఎంఓఎం దగ్గరికి వెళ్లడం మీ హక్కు, వెళ్లారని నేను ముఖం మాడ్చుకోను.

నా దగ్గర కుదరనివి కూడా చెప్పేస్తున్నాను. తాగి వస్తే ఆ రోజు పని లేదు, డార్మిటరీకి తిప్పి పంపిస్తాను. జ్వరం ఉంటే దాచుకుని రావొద్దు, క్లినిక్‌కి పంపిస్తాను, దానికి నా మీద అలిగేదేం లేదు. నాకు డబ్బు గానీ, ఊరి నుంచి తెచ్చిన జీడిపప్పు గానీ ఇవ్వొద్దు. అంటే, జీడిపప్పు అందరికీ పంచితే నేనూ తింటాను. ఓటీ ఎవరికి ఎంత అన్నది వరుస ప్రకారం రాసి గోడకి అంటిస్తాను. నన్ను బతిమాలినా వరుస మారదు. ఇంట్లో చావో, పెళ్లో వస్తే వరుసలో వాళ్లే ఒకరికొకరు మార్చుకుని నాకు చెప్పండి.

సరే, టైము ఎనిమిది కావస్తోంది. ముందు నేను సేఫ్టీ ఆయనతో కలిసి గుంత చూసి వస్తాను. పంపు పెట్టి రాత్రి నీళ్లు తోడేదాకా ఎవరూ దిగొద్దు. ఈలోగా ఇద్దరు పంపు, పైపు పట్టుకురండి, ఇద్దరు అంచు దగ్గర ఉన్న మట్టిని వెనక్కి లాగండి. పైనుంచే లాగండి, అంచు మీదకి వెళ్లొద్దు. మిగతావాళ్లు స్టోరు నుంచి షీట్లు మొయ్యండి. ఇంకేమైనా అడగాలంటే ఇప్పుడే అడగండి.