చిప్పలు మార్చినా మారని తూకం
(ఉదయ ప్రార్థనా సమావేశంలో ఒక ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ఆంగ్ల పాఠాలలో మీకు తరచుగా ఎదురయ్యే మాట ‘ఇంటెగ్రిటీ’. నిఘంటువు తెరిస్తే దానికి ‘నిజాయితీ’ అనే అర్థం కనిపిస్తుంది. ఆ అర్థం తప్పు కాదు గాని, చాలదు. ఈ మాటకు మూలం లాటిన్ భాషలోని ‘ఇంటీజర్’ అనే పదం. చెయ్యి పడనిది, ముక్కలు కానిది, సంపూర్ణమైనది అని దాని భావం. గణితంలో పూర్ణాంకానికి ఆంగ్లంలో ఉన్న పేరు కూడా ఇదే. కనుక ఈ గుణం గల మనిషి అబద్ధమాడనివాడు మాత్రమే కాడు. లాభనష్టాలు తారుమారైనప్పుడు కూడా రెండు ముక్కలు కానివాడు. తెలుగులో దీనికి చాలా దగ్గరగా వచ్చే మాట ‘త్రికరణశుద్ధి’. మనస్సు, వాక్కు, కాయం మూడూ ఒకే దారిన నడవడమే త్రికరణశుద్ధి.

ఈ భావం బోధపడటానికి పురాణ పురుషుల కథలు అక్కరలేదు. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే మీరు ఇంట్లో ‘తక్కెడ’ అనీ, బజారులో ‘తరాసు’ అనీ పిలిచే వస్తువు ఒక్కటి చాలు. దానికి అడ్డంగా ఒక దండె, ఆ దండె మధ్యన ఒక ముల్లు, రెండు కొసలకు వేలాడే రెండు చిప్పలు ఉంటాయి. ఒక చిప్పలో తూకపు రాయి, రెండవ చిప్పలో సరుకు పెడతారు. ముల్లు నిటారుగా నిలిస్తే తూకం సరిపోయిందని అందరూ ఒప్పుకొంటారు.

అయితే ఈ తక్కెడలో దోషం మూడు విధాలుగా చేరవచ్చు.

మొదటిది పైకి కనిపించే దోషం. చిప్ప అడుగున చింతపండు ముద్ద అంటించిన తక్కెడ చిప్పలు ఖాళీగా ఉన్నప్పుడే ఒక పక్కకు ఒరుగుతుంది. వర్తకుడు సరుకు వేయకముందు ముల్లు వైపు ఒకసారి చూసినవారికి ఈ మోసం పట్టుబడుతుంది.

రెండవది లోపల దాగిన దోషం. తక్కెడ సరిగా ఉండాలంటే మధ్య బిందువు నుండి రెండు చిప్పలకూ దూరం సమానంగా ఉండాలి. ఒక వైపు 20 సెంటీమీటర్లు, మరొక వైపు 21 సెంటీమీటర్లు ఉన్నదనుకోండి. పొడుగు వైపున 200 గ్రాముల చిప్పను, పొట్టి వైపున 210 గ్రాముల చిప్పను కట్టితే, 21ని 200తో గుణించినా, 20ని 210తో గుణించినా వచ్చేది 4200 కనుక ఖాళీ తక్కెడ నిటారుగా నిలుస్తుంది. పరీక్షించి చూసినవాడు కూడా ఇది న్యాయమైన తక్కెడ అనే అనుకొంటాడు.

ఇటువంటి తక్కెడ గల ఒక వర్తకుని వద్దకు ఒక రైతు వేరుశనగ కాయలు తెచ్చాడనుకొందాం. వర్తకుడు రాయిని పొడుగు వైపున, కాయలను పొట్టి వైపున పెడతాడు. కిలో రాయికి సరితూగడానికి 1050 గ్రాముల కాయలు కావలసి వస్తాయి. ఈ విధంగా 20 తూకాలు తూచేసరికి, 20 కిలోలకు సొమ్ము తీసుకొన్న రైతు 21 కిలోలు ఇచ్చి వెళతాడు. సాయంకాలం అవే కాయలను కొనడానికి గృహిణులు వస్తారు. ఇప్పుడు వర్తకుడు రాయిని పొట్టి వైపునకు, సరుకును పొడుగు వైపునకు మారుస్తాడు. కిలో రాయికి సుమారు 952 గ్రాములే సరితూగుతాయి. ఆ 21 కిలోలు 22 కిలోలుగా అమ్ముడుపోయి, ఇంకా గుప్పెడు కాయలు మిగులుతాయి. తక్కెడ ఒక్కటే, రాయి ఒక్కటే. కొనేటప్పుడు ఒక కొలత, అమ్మేటప్పుడు మరొక కొలత. రెండు వేళలా ముల్లు నిటారుగానే ఉన్నది.

ఈ దోషాన్ని బయటపెట్టే పరీక్ష చాలా సులభం. తూచిన తరువాత సరుకునూ రాయినీ తారుమారు చేసి పెట్టమని అడగాలి. దండె న్యాయమైనదైతే ముల్లు మళ్ళీ నిటారుగానే నిలుస్తుంది. కానిదైతే వెంటనే ఒరుగుతుంది. ‘ఇంటెగ్రిటీ’ అనే మాటకు ఇంతకంటె స్పష్టమైన నిర్వచనం దొరకదు: చిప్పలు మార్చినా మారని తూకం.

ఈ పరీక్షను మనుషులకు పెట్టి చూడండి. పరీక్ష పత్రాలు తిరిగి చేతికి వచ్చిన రోజున మార్కుల కూడికలో 5 మార్కులు తగ్గితే విద్యార్థి వెంటనే ఉపాధ్యాయుని బల్ల వద్దకు పరుగెత్తుతాడు. అది న్యాయమే. అదే కూడికలో 5 మార్కులు ఎక్కువ పడితే? పత్రాన్ని మడిచి సంచిలో పెట్టుకొన్న విద్యార్థి అబద్ధమేమీ ఆడలేదు. ఎవరి సొమ్మూ దొంగిలించలేదు. కాని అతని దండెకు ఒక వైపు 20, మరొక వైపు 21. ఉపాధ్యాయుల విషయమూ ఇంతే. ఇతరుల పిల్లవాడు ఆలస్యంగా వస్తే అశ్రద్ధ అనీ, తన పిల్లవాడు ఆలస్యంగా వస్తే బస్సు రాలేదనీ అనే ఉపాధ్యాయుడు కూడా చిప్పలు మార్చి తూస్తున్నవాడే.

ఇక మూడవ దోషం చిప్పలు మార్చినా పట్టుబడనిది. రాయే తక్కువైతే ఎటు పెట్టినా ముల్లు నిటారుగా నిలుస్తుంది. సరుకు మాత్రం తగ్గుతుంది. అందుకే ఇనుప తూకపు రాయి అడుగున ఒక గుంట చేసి, సీసం నింపి, దానిపై ప్రభుత్వ ముద్ర వేస్తారు. సీసాన్ని తొలిస్తే ముద్ర చెడుతుంది. 2011లో అమలులోకి వచ్చిన తూనికల నిబంధనల ప్రకారం రాళ్ళనూ, తక్కెడలనూ 24 నెలలకొకసారి తూనికలు కొలతల అధికారి ప్రామాణికమైన రాళ్ళతో సరిచూసి మళ్ళీ ముద్ర వేయాలి. ఇప్పుడు బజారులో ఎక్కువగా కనిపించే ఎలక్ట్రానిక్ కాటాలకు ఆ గడువు 12 నెలలే. వాటికి మార్చడానికి రెండు చిప్పలు లేవు. సరుకు పెట్టకముందు సున్న చూడటం, ముద్ర చూడటం తప్ప కొనేవారికి వేరు దారి లేదు.

ఈ నిబంధనలో గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. మోసగాని రాయికి మాత్రమే కాక న్యాయవంతుని రాయికి కూడా తనిఖీ తప్పదు. ఏళ్ళ తరబడి వాడకంలో ఇనుము అరుగుతుంది. ఎవరూ తొలచకపోయినా బరువు తగ్గుతుంది. తన రాయి తగ్గిన సంగతి ఆ తక్కెడ తనంతట తాను చెప్పలేదు. మనిషి కూడా అంతే. తనకు తాను న్యాయవంతుడిననుకొనే నమ్మకం ఖాళీ తక్కెడ ముల్లు వంటిది. లెక్క చూపమని అడిగినప్పుడు కోపగించుకోకుండా పుస్తకం తెరిచి ముందుంచేవాడే తన రాయిని ముద్రకు పంపినవాడు.

రేపు సంతకు వెళ్ళినప్పుడు తక్కెడ కనిపిస్తే, ముందు ఖాళీ చిప్పల మీద ముల్లు చూడండి. తూచిన తరువాత చిప్పలు మార్చమని మర్యాదగా అడగండి. రాయి తిప్పి అడుగున ముద్ర చూడండి. న్యాయమైన వర్తకుడు ఈ మూడింటికీ అభ్యంతరం చెప్పడు. ఆ వర్తకునిలో ఉన్నదానికే ఆంగ్లంలో ‘ఇంటెగ్రిటీ’ అని పేరు.