పగటి దోమ, రాత్రి దోమ – ఏ తెర ఎప్పుడు?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పోయిన వానాకాలం మా సంఘం ఒక పొరపాటు చేసింది. ముందు దాని గురించి చెబుతాం. జ్వరాలు మొదలయ్యాయని విని, పొదుపు డబ్బులోంచి 12 మందికి దోమతెరల కోసం అప్పు ఇచ్చాం. ఒక్కో తెర 350 రూపాయలు. అందరూ రాత్రి పూట కట్టుకున్నారు కూడా. అయినా దసరా వెళ్లేలోపు మూడు ఇళ్లలో డెంగీ వచ్చింది. ఒక ఇంట్లో మూడేళ్ల పాపను వారం రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. "మీ మాట విని తెర కొన్నాం కదా అక్కా, మరి ఎందుకొచ్చింది?" అని ఆ తల్లి అడిగితే మా దగ్గర సమాధానం లేదు.

ఆశా కార్యకర్తను వెంటబెట్టుకుని ఆ ఇంటికి వెళ్లి చూశాక తెలిసింది. తెరలో తప్పు లేదు, మేం కాపలా పెట్టిన వేళలో తప్పు ఉంది.

డెంగీ, చికున్‌గున్యా రెండింటినీ మోసేది ఒకటే దోమ. దాని పేరు ఏడిస్. నల్లగా చిన్నగా ఉంటుంది, కాళ్లకు తెల్ల కడియాలు తొడిగినట్టు చారలుంటాయి. ఇది పగటి దోమ. పొద్దున సూర్యుడు వచ్చాక రెండు మూడు గంటలు, మళ్లీ సాయంత్రం చీకటి పడేముందు ఎక్కువగా కుడుతుంది. లైటు వేసిన గదిలో అయితే చీకటి పడ్డాక కూడా కుట్టవచ్చు. మలేరియా దోమ వేరు. దాన్ని అనాఫిలిస్ అంటారు. గోడ మీద వాలినప్పుడు తోక పైకెత్తి ఏటవాలుగా ఉంటుంది. అది పొద్దుగూకిన దగ్గర్నుంచి తెల్లారేదాకా కుడుతుంది, అందరూ నిద్రపోయాక మరీ ఎక్కువ.

ఇప్పుడు ఆ ఇంటి సంగతి వినండి. ఆ చెల్లి కుట్టుమిషన్ కుడుతుంది. పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా కిటికీ పక్కనే మిషన్ దగ్గర కూర్చుంటుంది. మిషన్ కింద నీడలో దోమలు ఆమె చీలమండల దగ్గర కుడుతూనే ఉన్నాయి. పాప అన్నం తిని మధ్యాహ్నం చాప మీద పడుకుంటే సాయంత్రం దాకా లేవదు. దోమతెర మాత్రం పొద్దున్నే మడిచి మంచం మీద పెట్టేస్తారు. దోమ తిరిగే వేళకి తెర మడతలో ఉంది, తెర కట్టే వేళకి దోమ పని అయిపోయింది.

దోమ ఎక్కడి నుంచి వస్తోందని వెతికితే పెరట్లో సిమెంటు తొట్టి కనబడింది. అందులో పురుగులు ఎగిరెగిరి పడుతున్నాయి. "నాలుగు రోజుల క్రితమే నీళ్లు పారబోశాను" అంది ఆ చెల్లి. అబద్ధం కాదు. ఈ పగటి దోమ మురుక్కాలవ కంటే మనం పట్టి ఉంచుకున్న నీళ్లనే ఇష్టపడుతుంది. గుడ్లను నీటి అంచుకు కాస్త పైన, తొట్టి గోడకు అంటించి పోతుంది. నీళ్లు పారబోసినా గుడ్లు గోడకే ఉంటాయి. ఎండిపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు పట్టగానే పొదుగుతాయి. గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది. అందుకే శుక్రవారం డ్రై డే నాడు నీళ్లు పారబోసి ఊరుకోకుండా, కొబ్బరి పీచుతో తొట్టి లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి. వారానికి ఒకసారి చేస్తే పురుగు దోమ అయ్యే దాకా బతకదు. ఆ ఇంట్లోనే ఫ్రిజ్ వెనక ట్రేలో, తులసి కుండీ కింద పళ్లెంలో కూడా పురుగులు దొరికాయి.

ఆ ఇంటికి ఏం కొనాలో అప్పుడు అర్థమైంది. పాప పగటి నిద్రకు మడిచి పెట్టుకునే గొడుగు దోమతెర ఒకటి కావాలి. మిషన్ దగ్గరి కిటికీకి జాలీ కొట్టించాలి. అయితే జాలీ కొట్టే ముందు మంచాల కింద, కొక్కేలకు వేలాడే బట్టల వెనక దులపాలి. పగటి దోమ అలాంటి చీకటి మూలల్లో దాక్కుంటుంది. దులపకుండా జాలీ బిగిస్తే దోమను లోపలే పెట్టి తలుపేసినట్టు. మిషన్ కుట్టేటప్పుడు పాదాలకు, చీలమండలకు దోమల క్రీమ్ రాసుకోవాలి. ఎన్ని గంటలు పనిచేస్తుందో ట్యూబు మీద చూసి, ఆ సమయం దాటితే మళ్లీ రాయాలి. చిన్నపిల్లలకు చేతివేళ్లకు, కళ్ల దగ్గర, నోటి దగ్గర రాయకూడదు. రెండు నెలల లోపు పసిబిడ్డకు అసలు క్రీమ్ వద్దు, తెర ఒక్కటే. మూసిన గదిలో కాయిల్ వెలిగించి పిల్లల్ని పడుకోబెట్టవద్దు, ఆ పొగ వాళ్లకు మంచిది కాదు.

ఇంకో మాట. డెంగీ వచ్చిన మనిషిని మొదటి వారం పగలు కూడా తెరలోనే పడుకోబెట్టాలి. వాళ్లను కుట్టిన దోమే తర్వాత పక్కవాళ్లకు అంటిస్తుంది. ఆ ఇంట్లో ముందు జ్వరం వచ్చింది తల్లికి. పాపకు వచ్చింది పది రోజుల తర్వాత.

మన మండలంలోనే కొండ మీద ఊళ్లున్న అక్కలకు లెక్క వేరు. వాళ్లకు వాగులు, ఊటనీరు, పొలాల్లో నిలిచిన నీరు దగ్గర. అక్కడ మలేరియా దోమ పెరుగుతుంది. అక్కడ రాత్రి తెరే ముఖ్యం, అదీ మందు తెర. మామూలు తెరకు చెయ్యి ఆనుకుంటే దోమ బయట నుంచే కుడుతుంది. మందు తెర మీద వాలితే చస్తుంది. కొండ ఊళ్లలో ప్రభుత్వం ఇచ్చేవి ఇవే. కొత్త తెరను ఒక రోజు నీడలో ఆరేసి తర్వాత కట్టుకోవాలి. మందు మూడేళ్లు, దాదాపు ఇరవై ఉతుకుల దాకా ఉంటుంది. మా సభ్యురాలి పిన్ని తన తెరను వారం వారం వాగు దగ్గర సర్ఫ్‌తో ఉతికి రాయి మీద ఎండలో ఆరేసేది. అలా చేస్తే మందు త్వరగా పోతుంది. మామూలు సబ్బుతో ఇంటి దగ్గరే బకెట్లో మెల్లగా ఉతికి నీడలో ఆరేయాలి. వాగులో ఉతికితే ఆ మందుకు చేపలు చస్తాయి.

అదే ఇంట్లో మలేరియా వచ్చింది మాత్రం పిన్నికి కాదు, చిన్నాన్నకి. పంట కాపలాకు ఆయన రాత్రుళ్లు మంచె మీద పడుకుంటాడు. తెర ఇంట్లో, మనిషి పొలంలో. ఆ ఇంటికి కావలసింది రెండో తెర, మంచెకు కట్టడానికి.

అందుకే ఈ ఏడాది మా సంఘంలో తెరల అప్పు అడిగితే మూడు మాటలు అడుగుతున్నాం. మీ ఇంట్లో పగలు ఎవరు పడుకుంటారు? పొద్దున, సాయంత్రం ఎవరు ఎక్కడ కూర్చుంటారు? రాత్రి ఎవరు బయట పడుకుంటారు? సమాధానాన్ని బట్టే గొడుగు తెరా, జాలీయా, మందు తెరా అని పుస్తకంలో రాస్తున్నాం. ఏ జ్వరమైనా రెండో రోజుకే రక్తపరీక్ష చేయించమని, పరీక్ష అయ్యేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోవద్దని కూడా చెబుతున్నాం.

ఆ పాప ఇప్పుడు బాగుంది. మధ్యాహ్నం గొడుగు తెరలో పడుకుంటోంది. మీ ఊళ్లకు వెళ్లాక మీ సంఘం సమావేశంలో ఈ మూడు ప్రశ్నలూ అడగండి. సెలవు.