అద్దం మూల మీద కొట్టండి

తాడేపల్లి దగ్గర రాత్రిపూట హైదరాబాద్‌కో బెంగళూరుకో ఏసీ బస్సెక్కే శ్రోతలకు ఈ నాలుగు మాటలు.

2025 అక్టోబర్ 24, తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు కింద మోటార్‌సైకిల్ ఇరుక్కుంది. మంట లేచింది. తలుపు తెరుచుకోలేదు. బయటపడ్డవాళ్లలో చాలామంది కిటికీ అద్దాలు పగలగొట్టుకుని దూకినవాళ్లే. పందొమ్మిది మంది ప్రయాణికులు లోపలే కాలిపోయారు.

అందుకే బస్సెక్కగానే రెండు చూడండి: అత్యవసర ద్వారం కుడిపక్కన ఉందా, వెనక ఉందా? అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది? చాలా బస్సుల్లో అది కనిపించదు, అడగడానికి మొహమాటపడకండి. మీ బెర్త్ నుంచి ఆ ద్వారానికి ఎన్ని బెర్తులో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్లు పనిచేయవు, చేత్తో తడుముకుంటూ వెళ్లాలి.

అద్దాన్ని నడిమధ్య కొడితే సుత్తి వెనక్కి తుళ్లుతుంది. అంచుకు దగ్గరగా, మూలన కొట్టండి, పొడిపొడిగా రాలుతుంది. ఫిల్మ్ అంటించి ఉంటే పగిలినా ఊడదు, కాళ్లతో తన్నండి.

పొగ పైకి చేరుతుంది కాబట్టి వంగి కదలండి. పై బెర్తువాళ్లు ముందే కిందికి దిగాలి. బ్యాగు జోలికి పోవద్దు. కిటికీ చాలా ఎత్తు. తలకిందులుగా దూకకుండా ముందు కాళ్లు బయటపెట్టి, అంచు పట్టుకుని వేలాడి వదలండి.